కెరటిన్ అని కూర్చున్నాను, స్ట్రెయిటెనింగ్ చేయించుకుని లేచాను

పార్లర్‌లో జుట్టుకి ఆ మందు పెట్టించుకుని మొన్న మే 18కి సరిగ్గా నాలుగు నెలలు నిండాయి. ఈ నాలుగు నెలల్లో కొత్తగా వచ్చిన ఐదు సెంటీమీటర్ల జుట్టు ఎప్పటిలాగే అలలు తిరిగి ఉంది. దాని కింద భాగమంతా గీత గీసినట్టు నిలువుగా వేలాడుతోంది. అద్దంలో చూసుకుంటే ఇద్దరి జుట్టు ఒకే తల మీద ఉన్నట్టుంది. ఇది ఎలా జరిగిందో మొదటి నుంచీ రాస్తున్నాను. పార్లర్‌లో ఆ రోజు నాకు తెలియాల్సింది ఒక్క విషయమే, ఆ ఒక్కటీ నాకు తెలియలేదు.

నాది దట్టమైన ఉంగరాల జుట్టు. ఉంగరాలంటే నాకు ఇష్టమే. ఇబ్బంది పెట్టేది పైన పొగలా లేచే చిట్లిన వెంట్రుకలు, ఉదయం చిక్కు తీయడానికి పట్టే అరగంట. అందుకే జుట్టుని మెత్తబరిచే కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకోవాలనుకున్నాను. జనవరి 6న పార్లర్‌కి ఫోన్ చేసి మూడు విషయాలు చెప్పాను. నా ఉంగరాలు పోకూడదు. పది నెలల కిందట హైలైట్స్ వేయించాను కాబట్టి చివర్లు బ్లీచ్ అయి ఉన్నాయి. ముందు ఒక చిన్న పాయ మీద పరీక్షించి చూడాలి. ఫోన్ ఎత్తిన ఆవిడ అన్నిటికీ "అలాగే మేడమ్" అంది. "కర్ల్ అలాగే ఉంటుంది, పైన పొగలా లేచేది మాత్రం తగ్గుతుంది, నాలుగైదు నెలల్లో మెల్లగా పోతుంది" అని కూడా చెప్పింది. ఆ మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి, ఎందుకంటే అది కెరటిన్‌కి సరైన వర్ణనే.

ఇంకో ప్రశ్న కూడా అడిగాను, ఫార్మాల్డిహైడ్ ఉంటుందా అని. కొన్ని కెరటిన్ మందుల్లో అది ఉంటుంది. డబ్బా మీద ఒక్కోసారి మిథిలీన్ గ్లైకాల్ అనే పేరుతో ఉంటుంది. జుట్టుని నిటారు చేసే ఐరన్ వేడి తగిలితే ఆవిరై కళ్లూ గొంతూ మండిస్తుంది. "అస్సలు ఉండదు మేడమ్" అన్నారు. అది నిజమే. వాళ్లు వాడింది అసలు కెరటిన్ మందే కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

జనవరి 18, ఉదయం 11 గంటలకి అపాయింట్‌మెంట్. పది నిమిషాల ముందే వెళ్లాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టేసరికి 11:50 అయింది. ఆ యాభై నిమిషాలు వృథా కాలేదు, కూర్చుని అంతా గమనించాను.

అద్దాల ముందు గాజు జాడీలో క్రిములు చంపే నీలం రంగు ద్రావణం, అందులో దువ్వెనలు. చూడగానే మనసు కుదుటపడింది. కాస్త దగ్గరికి జరిగి చూస్తే జాడీ అడుగున వెంట్రుకలు ఉన్నాయి, నీరు మసకబారి ఉంది. ఒక అమ్మాయి కస్టమర్ తల దువ్విన దువ్వెనని అలాగే అందులో వేసింది, రెండు నిమిషాలు కూడా కాకముందే తీసి పక్క కుర్చీలో ఆవిడకి వాడింది. ఆ మందు పనిచేయాలంటే ముందు దువ్వెనకి చిక్కుకున్న వెంట్రుకలు తీసి, సబ్బుతో కడిగి, అప్పుడు పూర్తిగా మునిగేలా వేయాలి. డబ్బా మీద రాసినంత సేపు, సాధారణంగా పది నిమిషాలు, ఉంచాలి. ద్రావణాన్ని రోజూ మార్చాలి, మధ్యలో మసకబారితే అప్పుడే మార్చాలి. జిడ్డూ వెంట్రుకలూ ఉన్న దువ్వెనని ఊరికే ముంచి తీస్తే తడుస్తుందంతే. తలలో ఫంగస్ ఒకరి నుంచి ఒకరికి ఇలాంటి దువ్వెనల ద్వారా కూడా అంటుకుంటుంది.

నా వంతు వచ్చినప్పుడు, కడిగిన దువ్వెన కావాలని అడిగాను. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు, లోపలికి వెళ్లి కొత్త ప్యాకెట్ విప్పి తెచ్చింది. అడగడానికి నేను పడిన మొహమాటం అనవసరమని అప్పుడనిపించింది. తువ్వాలు ఉతికినదే, మెడ చుట్టూ కాగితపు పట్టీ కూడా వేసింది. అంటే పద్ధతి వాళ్లకి తెలుసు. రద్దీలో వదిలేస్తున్నారు.

పాయ మీద పరీక్ష సంగతి గుర్తుచేశాను. "మీ జుట్టు చూస్తేనే తెలుస్తోంది మేడమ్, బాగా స్ట్రాంగ్‌గా ఉంది" అని కుదుళ్ల దగ్గర పట్టుకుని చెప్పింది. చివర్లు పట్టుకుని చూడలేదు. ఆ క్షణంలో నేను లేచి ఉండాల్సింది. అప్పటికే గంట వేచి ఉన్నాను, సెలవు పెట్టుకుని వచ్చాను, ఇక ఆగుదామన్న ఆలోచన రాలేదు.

తల కడిగారు. కడగడం బాగా చేశారు, ఆ అమ్మాయి చేతివేళ్లు నెమ్మదైనవి. కడిగి కూర్చోబెట్టాక ఇంకో ఆవిడ వచ్చి తడి జుట్టుని కిందికి లాగి పట్టుకుని వీపు మీద ఎక్కడిదాకా వస్తుందో చూసింది. "మీది లాంగ్ కేటగిరీ" అంది. ఫోన్‌లో నాకు చెప్పింది మీడియం ధర. ఉంగరాల జుట్టు తడిస్తే బరువుకి సాగి కిందికి దిగుతుంది, పైగా చేత్తో లాగితే ఉంగరాలన్నీ విప్పుకుని ఇంకా పొడవుగా కనిపిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు నా జుట్టు భుజాలు దాటి నాలుగు వేళ్లు ఉంటుంది, తడిపి లాగితే దాదాపు వీపు మధ్యకి వస్తుంది. తల తడిసి, మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని కూర్చున్నప్పుడు ధర గురించి వాదించడం ఎంత కష్టమో అనుభవిస్తే తెలుస్తుంది. సరే అన్నాను.

12:40కి మందు తెచ్చారు. వెనక గదిలోంచి గిన్నెలో తెల్లటి క్రీమ్ వచ్చింది. డబ్బా కనిపించలేదు. మూత తీయగానే వచ్చే ఘాటు గిన్నెలోంచి కూడా వచ్చింది: అమోనియా, దాని వెనకే కుళ్లిన గుడ్డు లాంటి వాసన. "ఇదేంటండీ ఇంత వాసన?" అన్నాను. "కెరటిన్ ఇలాగే ఉంటుంది మేడమ్" అంది.

ఆ వాసన కెరటిన్‌ది కాదు. అమోనియం థయోగ్లైకోలేట్ అనే మందుది. పర్మనెంట్ స్ట్రెయిటెనింగ్ క్రీముల్లో వాడేది అదే. పార్లర్లలో కెరటిన్, స్మూతెనింగ్, స్ట్రెయిటెనింగ్ అన్న మూడు మాటల్నీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. కానీ జుట్టుకి జరిగేవి రెండు వేర్వేరు పనులు. కెరటిన్‌లో మందు వెంట్రుక మీదా పై పొరల్లోనూ పట్టి, ఐరన్ వేడికి అక్కడే అతుక్కుంటుంది. తలస్నానాలతో కొద్దికొద్దిగా వదిలిపోతుంది. థయోగ్లైకోలేట్ వెంట్రుక లోపలికి వెళ్లి, దాని ఆకారాన్ని పట్టి ఉంచే బంధాలనే తెంపుతుంది. జుట్టుని నిటారుగా చేసి, న్యూట్రలైజర్ అనే రెండో మందు పెడితే ఆ బంధాలు కొత్త ఆకారంలో మళ్లీ ముడిపడతాయి. ఇక ఆ వెంట్రుక వెనక్కి రాదు. కొత్త జుట్టు పెరగాల్సిందే.

క్రీమ్‌ని కుదుళ్ల నుంచి చివర్ల దాకా ఒకే మందంతో పూశారు. నేను బ్లీచ్ సంగతి మళ్లీ చెప్పాను. "చివర్లకి ఇంకా మంచిది, డ్రైగా ఉన్నాయి కదా" అంది. నిజానికి బ్లీచ్ అయిన వెంట్రుక స్పాంజిలా ఉంటుంది. మందుని త్వరగా, ఎక్కువగా పీల్చేస్తుంది. అక్కడి బంధాల్లో కొన్నిటిని బ్లీచే ముందు తెంపేసి ఉంటుంది. పని తెలిసినవాళ్లు అలాంటి భాగాన్ని అసలు ముట్టుకోరు, లేదా దానికోసం తయారైన తేలికపాటి మందుని చివరగా పూసి ముందుగా కడిగేస్తారు. మధ్యమధ్య ఒక్క వెంట్రుక తీసి మెల్లగా సాగదీసి చూస్తారు. నాకు ముప్పై ఐదు నిమిషాలు ఉంచారు. ఈ సమయంలో ఒక్కసారి కూడా ఎవరూ వచ్చి చూడలేదు. టైమర్ మోగాకే వచ్చారు.

కడిగాక డ్రయ్యర్, తర్వాత ఐరన్. ఇక్కడ ఒక శబ్దం గురించి చెప్పాలి. ఐరన్ పలకల మధ్య పాయ పెట్టగానే "చుయ్"మని వినిపించింది, సన్నటి ఆవిరి లేచింది. నేను ఉలిక్కిపడ్డాను. అది మామూలే అన్నారు. అది మామూలు కాదు. జుట్టు లోపల ఇంకా తడి ఉందని, ఆ తడి వెంట్రుక లోపలే మరుగుతోందని దానర్థం. పూర్తిగా ఆరిన జుట్టు మీద ఐరన్ పెడితే శబ్దం రాదు. పైగా పాయలు మందంగా తీసుకుంది. రెండు వేళ్ల మందం ఉన్న పాయలో లోపలి వెంట్రుకలకి వేడి సరిగా అందదు, అందుకని అదే పాయ మీద ఆరేడుసార్లు లాగాల్సి వచ్చింది. పైనున్న వెంట్రుకలు ఆ ఆరేడుసార్ల వేడీ మోశాయి. చెవి పైభాగానికి ఒకసారి తగిలింది కూడా, వెంటనే క్షమాపణ చెప్పి చల్లటి గుడ్డ పెట్టింది. మూడు రోజులు ఎర్రగా ఉండి తగ్గింది.

మధ్యాహ్నం 4 దాటాక రెండో గిన్నె వచ్చింది. ఐరన్ చేసిన జుట్టు మీద మళ్లీ తెల్లటి క్రీమ్ పూసి, పదిహేను నిమిషాలు ఉంచి, కడిగారు. అదే న్యూట్రలైజర్. ఈ ఒక్క గుర్తు ముందే తెలిసుంటే నాకు అక్కడికక్కడే అర్థమయ్యేది. కెరటిన్‌లో న్యూట్రలైజర్ ఉండదు. ఐరన్‌తో మందు సీల్ చేయడమే చివరి ప్రధానమైన పని. ఐరన్ తర్వాత రెండో రసాయనం వచ్చిందంటే అది పర్మనెంట్ ప్రక్రియ. అయితే అప్పటికి తెలిసినా ఉపయోగం ఉండేది కాదు, తెంపిన బంధాలని అలా వదిలేసి లేవలేం. తెలుసుకోవాల్సిన సమయం మొదటి గిన్నె వచ్చినప్పుడు.

5:40కి లేచాను. ఆరు గంటలు కావస్తోంది. అద్దంలో జుట్టు నల్లటి పట్టులా మెరుస్తోంది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను చాలా సంతోషంగా ఉన్నాను, పదిసార్లు తాకి చూసుకున్నాను. ఉంగరాలు లేవు, కానీ ఐరన్ చేశారు కదా, తలస్నానం చేస్తే వస్తాయిలే అనుకున్నాను.

బిల్లు మాత్రం ఆ సంతోషాన్ని అక్కడే కాస్త తగ్గించింది. ఫోన్‌లో వంద అని చెప్పారనుకోండి, నేను కట్టింది నూట డెబ్బై. ముప్పై లాంగ్ కేటగిరీకి. పాతిక బాండ్ ప్రొటెక్టర్ అనే దానికి. అది ఎప్పుడు కలిపారో నాకు తెలియదు, ఎవరూ అడగలేదు. మిగతా పదిహేను చివర పెట్టిన మాస్క్‌కి. మాస్క్ పెడుతూ "పెట్టమంటారా మేడమ్" అన్నారు, కానీ దానికి వేరే డబ్బని అనలేదు. మూడు రోజులు తల తడపొద్దని, తర్వాత వాళ్ల షాంపూ కండిషనర్లే వాడాలని చెప్పి ఆ జత కూడా కౌంటర్ మీద పెట్టారు. తీసుకోలేదు.

జనవరి 21న మొదటి తలస్నానం. ఆరబెట్టుకుని చూస్తే జుట్టు నిలువుగానే ఉంది. ఒక్క వంపు లేదు. ఇంకో రెండు స్నానాలయ్యాక చూద్దామనుకున్నాను. ఏమీ మారలేదు. జనవరి చివరికి దిండు మీద పొట్టి పొట్టి ముక్కలు కనిపించడం మొదలైంది. జుట్టు రాలడం ఇలా ఉండదు. రాలిన వెంట్రుక పొడవుగా ఉంటుంది, ఒక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంటుంది. నాకు కనిపించినవి మూడు నాలుగు సెంటీమీటర్ల ముక్కలు, రెండు కొనలకీ బొడిపె లేదు. అంటే కుదురు బాగానే ఉంది, వెంట్రుక మధ్యలో తెగుతోంది. దువ్వుకునేటప్పుడు గుండె దడదడలాడేది. వారం రోజులు అద్దం వైపు చూడకుండా జడ వేసుకున్నాను.

ఫిబ్రవరి 5న మళ్లీ పార్లర్‌కి వెళ్లాను. గొంతు పెంచకూడదని దారిపొడవునా అనుకుంటూ వెళ్లాను. నాకు వాడిన మందు డబ్బా చూపించమని అడిగాను. మొదట ఆ స్టాక్ అయిపోయిందన్నారు. బిల్లు మీద కెరటిన్ అని రాసి ఉందని చూపించి, డబ్బా చూసే వెళ్తానని కూర్చున్నాను. నలభై నిమిషాల తర్వాత తెచ్చారు. రెండు ట్యూబులు. మొదటిదాని పదార్థాల జాబితాలో అమోనియం థయోగ్లైకోలేట్, రెండోదాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్. పెద్ద అక్షరాల్లో, డబ్బా ముందువైపున, "కెరటిన్‌తో" అని ఉంది. ఆ క్రీమ్‌లో కాస్త కెరటిన్ కలిపారు, అందుకని అది కెరటిన్ ట్రీట్‌మెంట్ అయిపోయింది. నాకు మందు పెట్టిన అమ్మాయి ఆ డబ్బా చూసే నిజంగా అలా నమ్మిందనిపించింది. ఆ అమ్మాయి ముఖం చూస్తే కోపం రాలేదు. కోపమొచ్చింది ఆమెకి నేర్పకుండా ఆ గిన్నె చేతికిచ్చినవాళ్ల మీద.

మేనేజర్ "రెండూ ఒకటే కదా మేడమ్, ఇది ఇంకా ఎక్కువ రోజులుంటుంది" అంది. ఉచితంగా హెయిర్ స్పా చేస్తామన్నారు. వద్దన్నాను. అడగకుండా కలిపిన బాండ్ ప్రొటెక్టర్ డబ్బు, కేటగిరీ తేడా డబ్బు వెనక్కివ్వమన్నాను. పొడి జుట్టుతో నిలబడి, పొడవు వాళ్ల చార్టులో మీడియం గీత దాటలేదని చూపించాను. అరగంట తర్వాత ఆ రెండూ ఇచ్చారు. ట్రీట్‌మెంట్‌కి కట్టిన అసలు డబ్బు మాత్రం ఇవ్వలేదు.

ఫిబ్రవరి 9న, జుట్టు కత్తిరించడంలో చాలా ఏళ్ల అనుభవమున్న ఇంకో ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆమె ముందు జుట్టుని తడిపింది, లాగలేదు. మందు వదిలిపోయే రకమైతే రెండు మూడు వారాలు కడిగేసరికి తడి జుట్టులో కొంతైనా వంపు కనిపించాలని, నాది పూర్తిగా నిలువుగా ఉంది కాబట్టి పర్మనెంటేనని చెప్పింది. తర్వాత కుదురు వైపు నుంచి ఒక తడి వెంట్రుక, చివర్ల వైపు నుంచి ఒకటి తీసి నా చేతికిచ్చింది. కుదురు వైపుది మెల్లగా లాగితే సాగి, వదిలితే వెనక్కి వచ్చింది. చివరిది జిగురులా సాగుతూ పోయి, వెనక్కి రాకుండా పుటుక్కున తెగింది. ఆ తెగిన వెంట్రుక నా వేళ్ల మధ్య ఉండగా నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏమీ మాట్లాడకుండా కాసేపు ఆగింది.

నాకు రెండు దారులు చెప్పింది. మొత్తం మళ్లీ స్ట్రెయిట్ చేయించి ఒకేలా ఉంచడం మొదటిది. అది తాను చేయనంది, బ్లీచ్ అయిన చివర్లు తట్టుకోవని. రెండోది కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ వెళ్లడం. జుట్టు నెలకి సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది, అంటే పూర్తిగా నా జుట్టు నాకు రావడానికి రెండేళ్లు దాటుతుంది. ఆ రోజే బ్లీచ్ అయిన భాగమంతా, ఎనిమిది సెంటీమీటర్లు, తీయించేశాను. మరుసటి రోజు నుంచే దిండు మీద ముక్కలు చాలా తగ్గాయి. ఇంకో జాగ్రత్త చెప్పింది: కొత్త ఉంగరాల జుట్టు, పాత నిలువు జుట్టు కలిసే గీత దగ్గరే వెంట్రుక తేలిగ్గా తెగుతుంది, కాబట్టి తడిగా ఉన్నప్పుడు దువ్వొద్దు, కండిషనర్ రాసి వేళ్లతోనే చిక్కు తీయాలి. దువ్వెన వాడాల్సి వస్తే పళ్లు దూరంగా ఉన్నది తీసుకుని చివర్ల నుంచి పైకి రావాలి. మూడు నెలలుగా అదే చేస్తున్నాను. గీత దగ్గర తెగినవి ఉన్నాయి కానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మే మొదటి వారంలో మా చెల్లెలు స్మూతెనింగ్ చేయించుకుంటానంది. తన తరఫున పార్లర్‌కి నేనే ఫోన్ చేశాను. ఈసారి "కెరటిన్ చేస్తారా" అని అడగలేదు. "ఐరన్ తర్వాత న్యూట్రలైజర్ పెడతారా" అని అడిగాను. అవతలి ఆవిడ ఒక్క క్షణం ఆగి, "పెడతాం, మాది పర్మనెంట్" అని సూటిగా చెప్పింది. పొడి జుట్టు మీదే పొడవు చూస్తామని, డబ్బా మా ముందే విప్పుతామని కూడా అంది. చెల్లెలు కాసేపు ఆలోచించి తనకి పర్మనెంటే కావాలంది. తనది ఎప్పుడూ రంగు వేయని జుట్టు. ఈ నెల 25న ఒక పాయ మీద పరీక్షించి చూస్తామన్నారు. నేనూ పక్కన కూర్చుంటాను.